థీసిస్‌లో చేరని పేజీలు: ఒక కెమిస్ట్రీ పీహెచ్‌డీ రెజ్యూమెను ప్రాసెస్ ఆర్ అండ్ డీ ఉద్యోగానికి తిరగరాసిన కేసు

బల్క్ డ్రగ్ కంపెనీల్లో, ల్యాబ్ రియాక్షన్‌ను ప్లాంటు స్థాయికి తీర్చిదిద్దే ప్రాసెస్ ఆర్ అండ్ డీ విభాగంలో పనిచేస్తూ, కొత్తవారిని తీసుకునే ఇంటర్వ్యూల్లో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నవారు అడిగితే రెజ్యూమె సరిదిద్దుకోవడంలో సాయం చేస్తుంటాను. కింద రాసింది అలాంటి ఒక స్కాలర్ కేసు. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను, రసాయనశాస్త్రాన్ని మాత్రం మార్చలేదు.

ఆమె చేసింది సింథటిక్ ఆర్గానిక్ కెమిస్ట్రీ. ఒక సముద్ర జీవి నుంచి వేరుచేసిన మాక్రోలైడ్‌ను, అంటే పెద్ద వలయం ఉన్న అణువును, మొదటి నుంచి చివరిదాకా ల్యాబ్‌లో నిర్మించడం థీసిస్ అంశం. మొత్తం 21 మెట్లు, చివరికి చేతికి వచ్చిన పదార్థం 14 మిల్లీగ్రాములు. నాలుగు పేపర్లు వచ్చాయి, రెండింటిలో మొదటి పేరు ఆమెదే. అకడమిక్ లెక్కలో ఇది మంచి పీహెచ్‌డీ. కానీ ఏపీఐ, అంటే మందులోని అసలు ఔషధ పదార్థాన్ని తయారుచేసే కంపెనీలకు పంపిన దరఖాస్తులకు జవాబే లేదు.

జవాబు రాకపోవడం, ఇంటర్వ్యూకు పిలిచి తిరస్కరించడం రెండు వేర్వేరు జబ్బులు. అసలు పిలుపే రాకపోతే తప్పు చాలావరకు మొదటి పేజీలో ఉంటుంది. చదివినవారికి ఈ మనిషికీ ఆ ఉద్యోగానికీ సంబంధం కనబడలేదన్నమాట. పిలుపులు వచ్చి టెక్నికల్ రౌండ్‌లో ఆగిపోతుంటే, కాగితం మీద రాసినదానికీ నోటితో చెప్పగలిగినదానికీ మధ్య ఖాళీ ఉందని అర్థం. ఆమెది మొదటి రకం. అందుకే పని రెజ్యూమెతోనే మొదలుపెట్టాం.

పాత రెజ్యూమె నాలుగు పేజీలు. మొదటి పేజీ అంతా థీసిస్ సారాంశం, మాక్రోలైడ్ నిర్మాణ చిత్రంతో సహా. రెండో పేజీలో పేపర్లు, మూడో పేజీలో సెమినార్లు, పోస్టర్లు. నాలుగో పేజీలో "తెలిసిన పరికరాలు" అని ఎన్‌ఎమ్‌ఆర్, ఐఆర్, హెచ్‌పీఎల్‌సీ, పోలారిమీటర్ వరుసగా ఉన్నాయి. ఆ కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం. ఆ ప్రమాణాన్ని మన దగ్గర ఎవరు మొదలుపెట్టారో కానీ, అది చూసి ఎవరికైనా ఉద్యోగం ఇచ్చిన మేనేజర్ నాకు ఇంతవరకు తారసపడలేదు. రెజ్యూమె ఇంగ్లీషులోనే ఉంది. ఇక్కడ ఉదహరించే వాక్యాలను తెలుగులో చెబుతున్నాను.

ఆమె పెట్టుకున్న లక్ష్యం "సైంటిస్ట్, ప్రాసెస్ ఆర్ అండ్ డీ" అనే ప్రకటన. అందులో అడిగినవి ఇవీ: పెద్ద పరిమాణానికి తీసుకెళ్లగలిగే, ఖర్చు తగ్గే రూట్లు రూపొందించడం, ప్రయోగాల రూపకల్పన పద్ధతిలో, అంటే డీఓఈతో పరామితులు నిర్ధారించడం, ఇంప్యూరిటీలను గుర్తించి అదుపు చేసే వ్యూహం తయారుచేయడం, ప్లాంటుకు టెక్నాలజీ బదిలీ, ఎనలిటికల్, సేఫ్టీ, ప్రొడక్షన్ విభాగాలతో సమన్వయం, డాక్యుమెంటేషన్. అర్హత పీహెచ్‌డీ అయితే 0–3 ఏళ్ల అనుభవం, ఎమ్మెస్సీ అయితే 5–8 ఏళ్లు.

ఈ చివరి వాక్యాన్ని చాలామంది పట్టించుకోరు. నేను మాత్రం ముందు దాన్నే చూడమంటాను. ఒకే కుర్చీకి ఇద్దరు పోటీ: ప్లాంటును చూసిన ఎమ్మెస్సీ, చూడని పీహెచ్‌డీ. టెక్నాలజీ బదిలీలో, డాక్యుమెంటేషన్‌లో ఆ ఎమ్మెస్సీని పీహెచ్‌డీ ఎన్నటికీ ఓడించలేరు. ఓడించగలిగేది రియాక్షన్‌లో ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో చెప్పగలగడంలో. కాబట్టి ఆరు అంశాలకూ సమానంగా జవాబు చెప్పబోతే రెజ్యూమె పలచబడుతుంది. మొదటి మూడింటికి గట్టి సాక్ష్యం చూపించి, మిగతా వాటి దగ్గర నిజాయితీగా ఆగిపోవడం మేలు.

ఆమె మొదటి ప్రయత్నం అందరూ చేసేదే. ప్రకటనలోని మాటలను తెచ్చి రెజ్యూమెలో అతికించారు. "ఖర్చు తగ్గే, స్కేలబుల్ రూట్ల రూపకల్పనలో అనుభవం", "ఇంప్యూరిటీ ప్రొఫైలింగ్‌లో నైపుణ్యం", "జీఎంపీ పరిజ్ఞానం". జీఎంపీ అంటే మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా నియమాలు. హెచ్‌ఆర్ జల్లెడలో ఇది నిలవవచ్చు. కానీ ఆ కాగితం మా చేతికి వచ్చాక మొదటి ప్రశ్న "ఏ రూట్? ఎంత స్కేల్?" అనే. 14 మిల్లీగ్రాముల మనిషి స్కేలబుల్ అని రాస్తే ప్యానెల్‌లో ఒకరు తప్పకుండా నవ్వుతారు, ఆ తర్వాత ఎంత మంచి జవాబు చెప్పినా వాతావరణం మారదు.

"థీసిస్ పక్కన పెట్టి ల్యాబ్ నోట్‌బుక్‌లు తీసుకురామ్మా" అన్నాను.

"నోట్‌బుక్‌లు ఎందుకు సర్? పనికొచ్చినదంతా థీసిస్‌లోనే ఉంది."

థీసిస్ అనేది విజయవంతమైన దారిని మాత్రమే చూపించే పుస్తకం. తెలిసిన పద్ధతిలో చేసిన పనికి అందులో ఒక వాక్యం, చెడిపోయిన బ్యాచ్‌కు అసలు చోటే లేదు. ప్రాసెస్ కెమిస్ట్ రోజంతా తల పట్టుకునేది సరిగ్గా ఈ రెండింటితోనే: తెలిసిన రియాక్షన్‌ను ప్రతిసారీ ఒకేలా చేయడం, చెడిపోయిన బ్యాచ్ ఎందుకు చెడిందో కనిపెట్టడం. అందుకే నోట్‌బుక్‌లో మూడు రకాల పేజీల కోసం వెతకమని చెప్పాను. ఎక్కువ సార్లు చేసిన రియాక్షన్, ఎక్కువ పరిమాణంలో చేసిన రియాక్షన్, అనుకోనిది వచ్చిన రియాక్షన్.

మొదటి రెండూ ఒకే చోట దొరికాయి. ఆమె రూట్ ఒక కైరల్ ఎపాక్సైడ్‌తో మొదలవుతుంది. బెంజైల్ గ్లైసిడైల్ ఈథర్‌ను రెసిమిక్ రూపంలో, అంటే కుడిచేయి, ఎడమచేయిలా ఒకదానికొకటి ప్రతిబింబమైన రెండు ఎనాన్షియోమర్‌లూ సగం సగం ఉన్న మిశ్రమంగా కొని, కోబాల్ట్ సాలెన్ క్యాటలిస్ట్‌తో, లెక్క ప్రకారం నీళ్లు కలిపితే ఒక ఎనాన్షియోమర్ మాత్రమే నీటితో చర్య జరిపి డయోల్‌గా మారుతుంది, రెండోది ఎపాక్సైడ్‌గానే మిగులుతుంది. జాకబ్‌సెన్ హైడ్రోలిటిక్ కైనెటిక్ రిజల్యూషన్‌గా సింథటిక్ కెమిస్టులందరికీ తెలిసిన పద్ధతే. థీసిస్‌లో దీనికి దక్కింది ఒక్క వాక్యం: "తెలిసిన విధానంలో తయారుచేయబడింది."

నోట్‌బుక్‌లో కథ వేరు. ఈ ఎపాక్సైడ్ ఆమెకే కాదు, ల్యాబ్‌లో మరో ఇద్దరు జూనియర్లకు కూడా కావాలి. కాబట్టి అందరికీ కలిపి ఆమే తయారుచేసి పెట్టేవారు, ఒక్కో బ్యాచ్‌కు 100 గ్రాముల రెసిమిక్ ఎపాక్సైడ్‌తో. అంటే 0.61 మోల్. క్యాటలిస్ట్ 0.5 మోల్ శాతం, సుమారు 1.8 గ్రాములు. నీళ్లు 0.55 ఈక్వివలెంట్లు, అంటే దాదాపు 6 గ్రాములు. మొదటిసారి ఈ ఆరు గ్రాముల నీటిని ఒకేసారి పోశారు. కాసేపు ఏమీ కాలేదు, ఆ తర్వాత ఉష్ణోగ్రత ఒక్కసారిగా లేచింది. పేజీ అంచున "ఐస్ బాత్!" అని పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. రెండో బ్యాచ్ నుంచి చల్లబరిచి, నీటిని చుక్కలుగా, గంటకు పైగా వదలడం మొదలుపెట్టారు. ల్యాబ్ ఆనవాయితీ ప్రకారం కాలమ్ వేసి శుద్ధి చేయాలి. వంద గ్రాములకు కాలమ్ అంటే బకెట్ల కొద్దీ సాల్వెంట్ కనుక, ఆమె వాక్యూమ్ డిస్టిలేషన్‌కు మారారు. ఎపాక్సైడ్ ముందు వచ్చేస్తుంది, డయోల్ బరువైనది కనుక వెనక ఉండిపోతుంది. అడుగున మిగిలిన క్యాటలిస్ట్‌ను అసిటిక్ ఆమ్లంతో, గాలి తగిలేలా కలిపి మళ్లీ చురుకుగా చేసి వాడారు. దిగుబడి బ్యాచ్ బ్యాచ్‌కూ 43–45 గ్రాముల మధ్య, కైరల్ హెచ్‌పీఎల్‌సీలో ఈఈ, అంటే కావలసిన ఎనాన్షియోమర్ ఎంత ఆధిక్యంలో ఉందో చెప్పే కొలత, 99 శాతానికి పైన.

ప్రకటనలోని మొదటి అంశానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి? స్కేల్ ఉంది, వేడి విడుదలను గమనించి సరిదిద్దడం ఉంది, కాలమ్ తీసేయడం ఉంది, క్యాటలిస్ట్ ఖర్చు తగ్గించడం ఉంది, పునరావృతం ఉంది. ఆమె దృష్టిలో మాత్రం ఇది "ముడిసరుకు తయారీ", గిన్నెలు కడిగే పనితో సమానం.

పాత రెజ్యూమెలో ఈ పని లేనే లేదు. కొత్త వాక్యం ఇలా కుదిరింది: "కైరల్ ఎపాక్సైడ్ ఇంటర్మీడియట్‌ను 100 గ్రాముల బ్యాచ్‌లలో తయారుచేశాను, వేడి విడుదలను అదుపు చేయడానికి నీటిని నియంత్రిత వేగంతో చేర్చాను, కాలమ్ బదులు వాక్యూమ్ డిస్టిలేషన్, తిరిగి వాడిన క్యాటలిస్ట్, దిగుబడి 43–45 శాతం (రిజల్యూషన్ గరిష్ఠం 50), ఈఈ 99 శాతానికి పైగా." బ్రాకెట్లోని ఆ "గరిష్ఠం 50" చిన్న విషయం కాదు. అది లేకపోతే హడావిడిగా చదివేవారికి 44 శాతం అంటే నాసిరకం రియాక్షన్‌లా కనిపిస్తుంది. అది ఉంటే సగం పదార్థం సహజంగానే పోతుందని ఈమెకు స్పృహ ఉందని తెలుస్తుంది. ఏపీఐ రంగంలో మనిషిని తూచేది ఆ స్పృహతోనే.

మూడో రకం పేజీ, అనుకోనిది వచ్చినది, రూట్ మధ్యలో దొరికింది. ఎపాక్సైడ్‌ను ఒక ఆల్కైన్‌తో తెరిచాక, ఆ ఆల్కైన్‌ను లిండ్లార్ క్యాటలిస్ట్ మీద హైడ్రోజన్‌తో జెడ్-ఆల్కీన్‌గా మార్చాలి. హైడ్రోజన్ అక్కడ ఆగకుండా ముందుకు వెళితే ఆల్కేన్ వస్తుంది. థీసిస్‌లో దీని గురించి "కొద్దిగా అతి రిడక్షన్ గమనించబడింది" అని ఉంది. నోట్‌బుక్‌లో ఆ "కొద్దిగా" అంటే 6 శాతం. మాస్ స్పెక్ట్రమ్‌లో ఉత్పత్తి కంటే 2 ఎక్కువగా ఉన్న పీక్ చూసి అనుమానించి, ఆ ఆల్కేన్‌ను విడిగా పూర్తి హైడ్రోజనేషన్‌తో తయారుచేసుకుని, హెచ్‌పీఎల్‌సీలో రెండింటి స్థానాలూ పోల్చి ఖాయం చేసుకున్నారు. దీన్నే మేం ఇంప్యూరిటీని గుర్తించడం, ఇంప్యూరిటీ స్టాండర్డ్ తయారుచేయడం అంటాం. తను చేసిన పనికి అలాంటి పేరు ఉందని ఆమెకు తెలియదు.

ఆల్కీన్, ఆల్కేన్ కాలమ్ మీద దాదాపు కలిసే నడుస్తాయి. తర్వాత విడదీద్దాంలే అంటే కుదరదు, పుట్టకుండానే ఆపాలి. క్యాటలిస్ట్‌ను మందగింపజేసే క్వినోలిన్ పెంచి, క్యాటలిస్ట్ తగ్గించి, శాంపిల్ తీస్తూ సరైన సమయంలో ఆపి 6 శాతాన్ని 1 శాతం దగ్గరకు తెచ్చారు. ఒకసారికి ఒక్క పరామితిని మారుస్తూ పోయారు, అకడమిక్ ల్యాబుల్లో అందరూ చేసినట్టే.

ప్రకటనలోని రెండో అంశం, డీఓఈ, ఇక్కడే అడ్డం వచ్చింది. "ఇన్ని మార్చి చూశాను కదా సర్, డీఓఈ అని రాసుకోవచ్చా?" అని అడిగారు. రాసుకోకూడదు. డీఓఈలో పరామితులన్నింటినీ ఒక ప్రణాళిక ప్రకారం కలిపి మారుస్తారు. ఒకదాని ప్రభావం రెండోదాని మీద ఆధారపడి ఉందా అన్నది తేల్చడమే దాని ప్రయోజనం. ఒక్కొక్కటిగా మారిస్తే ఆ సంగతి ఎప్పటికీ బయటపడదు. ప్యానెల్‌లో "ఇంటరాక్షన్ ఏం కనబడింది?" అన్న ఒక్క ప్రశ్నతో ఆ అబద్ధం కూలిపోతుంది.

కానీ ఆమె ఇంకా ల్యాబ్‌లోనే ఉన్నారు, ఆ ఆల్కైన్ నిల్వ ఉంది, గైడ్ కూడా సరేనన్నారు. క్వినోలిన్ మోతాదు, క్యాటలిస్ట్ మోతాదు, ఉష్ణోగ్రత అనే మూడు పరామితులు. ఒక్కోదానికి కింది స్థాయి, పై స్థాయి. అన్ని కలయికలూ కలిపి 8 ప్రయోగాలు, మధ్య బిందువు దగ్గర మరో 3, మొత్తం 11. ఒక్కోదానికి 200 మిల్లీగ్రాములు వేసుకుంటే రెండు గ్రాముల పైచిలుకు ఆల్కైన్‌తో పని అయిపోతుంది. మధ్య బిందువును మూడుసార్లు చేయడం ఎందుకంటే, ఏమీ మార్చకుండానే ఫలితం ఎంత ఊగుతుందో తెలియాలి. ఆ ఊగిసలాట కంటే చిన్న ప్రభావాన్ని నమ్మకూడదు. ఆమె తీసుకున్న పరిధిలో ఉష్ణోగ్రత ప్రభావం ఆ ఊగిసలాటలో కలిసిపోయింది. క్యాటలిస్ట్, క్వినోలిన్ మాత్రం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. క్యాటలిస్ట్ తక్కువగా ఉన్నప్పుడు క్వినోలిన్ పెంచినా పెద్ద తేడా లేదు; ఎక్కువగా ఉన్నప్పుడు క్వినోలిన్ తగ్గితే ఆల్కేన్ ఒక్కసారిగా పెరుగుతుంది. సరైన మూలను ఎంచుకుంటే ఆల్కేన్ 0.7 శాతం.

1 శాతం నుంచి 0.7కు రావడం పెద్ద ఘనత కాదు. కానీ ఇప్పుడు "డీఓఈ" అన్న మాట రాసుకునే హక్కు వచ్చింది, దాని వెనక చెప్పడానికి ఒక నిజమైన ఇంటరాక్షన్ ఉంది. ఒక కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం కంటే ఈ 11 ప్రయోగాలు మేలని నా అభిప్రాయం. ల్యాబ్ వదిలేశాక ఈ అవకాశం ఉండదు. కాబట్టి ప్రకటనలు చదవడం థీసిస్ సమర్పించాక కాకుండా, చేతిలో ఇంకా ఫ్లాస్కు ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

జీఎంపీ దగ్గర మాత్రం ఏమీ చేయలేం. యూనివర్సిటీ ల్యాబ్‌లో జీఎంపీ ఉండదు. ఏపీఐల జీఎంపీకి ఆధారమైన, ఐసీహెచ్ అనే అంతర్జాతీయ ఔషధ ప్రమాణాల సంస్థ ఇచ్చిన క్యూ7 మార్గదర్శకాన్ని చదవవచ్చు, చదవమనే చెప్పాను. కానీ చదివినదాన్ని అనుభవం శీర్షిక కింద పెట్టనివ్వలేదు. "జీఎంపీ పరిజ్ఞానం" అన్న వాక్యం పూర్తిగా తీసేశాం. టెక్నాలజీ బదిలీకి మాత్రం నిజంగా జరిగిన ఒక చిన్న పని ఉంది: ఎపాక్సైడ్ తయారీకి ఆమె రాసిపెట్టిన రెండు పేజీల విధానంతో జూనియర్లు సొంతంగా బ్యాచ్‌లు చేసి అదే దిగుబడి తెచ్చారు. "రాతపూర్వక విధానం ద్వారా ఇద్దరు సహచరులకు బదిలీ, దిగుబడి అదే పరిధిలో" అని ఒక్క వాక్యం రాశాం, అంతకు మించి పొగడలేదు.

కొత్త రెజ్యూమె రెండు పేజీలైంది. పైన మూడు వాక్యాల పరిచయం: ఏ రకం కెమిస్ట్, ఏ స్కేల్ వరకు పనిచేశారు, ఏ ఉద్యోగం కోరుతున్నారు. స్కేల్ పరిచయంలోనే చెప్పేశాం, "మిల్లీగ్రాముల నుంచి 100 గ్రాముల వరకు" అని. ఆ కింద ఎపాక్సైడ్, లిండ్లార్ అంశాలు. 21 మెట్ల సంశ్లేషణకు రెండు వాక్యాలు. పరికరాల జాబితా బదులు స్వయంగా నడిపినవి మాత్రమే, ఏ పనికి వాడారో కలిపి: కైరల్ హెచ్‌పీఎల్‌సీ ఈఈ కొలవడానికి, రివర్స్ ఫేజ్ హెచ్‌పీఎల్‌సీ రియాక్షన్ గమనించడానికి. ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రాన్ని ఆపరేటర్ నడిపేవారు కనుక "స్పెక్ట్రా విశ్లేషణ" అని రాశాం. పేపర్లు చివర్లో, సంఖ్య చెప్పి మొదటి పేరుతో వచ్చిన రెండే వివరంగా. ఈ చివరి మార్పు ఆమెకు కష్టమైంది. ఏళ్ల తరబడి పడిన శ్రమ పేజీ అడుగుకు చేరడం ఎవరికైనా బాధే. పేపర్లకు ఇక్కడ విలువ లేదని కాదు. ప్రాసెస్ మేనేజర్ వాటిని అర్హత కింద చూస్తాడు, పని కింద చూడడు.

పీహెచ్‌డీ చేసినవారు పరిశ్రమకు పనికిరారన్న మాట అప్పుడప్పుడు వింటుంటాను. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డి పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ చేసి, ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చినవారేనని గుర్తుచేస్తే ఆ చర్చ సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది.

కొత్త కాగితానికి పిలుపులు వచ్చాయి. ఇంటర్వ్యూ ఎలా సాగుతుందో ముందే ఊహించి కొంత సిద్ధం చేశాం. రెజ్యూమెలో రాసిన ప్రతి అంకె ఒక ప్రశ్నను పిలుస్తుంది. ఆ ప్రశ్నలు ఏవో రాసినవారికి ముందే తెలిసి ఉండాలి.

ఒక ప్యానెల్‌లో జరిగింది ఆమె చెప్పినట్టే ఇస్తున్నాను. ఎపాక్సైడ్ వాక్యం చదివి ఒకరు అడిగారు: "దీన్ని 50 కిలోలకు తీసుకెళ్లాలి. ముందు ఏం చూస్తారు?" నీటిని ఎంత సేపట్లో చేర్చాలో తేల్చడానికి రియాక్షన్ క్యాలరీమీటర్‌లో వేడి విడుదల కొలవమని అడుగుతాను అన్నారు. ఫ్లాస్కు చుట్టూ ఐస్ ఉంటే సరిపోతుంది. పెద్ద రియాక్టర్‌లో ఘనపరిమాణంతో పోలిస్తే గోడ వైశాల్యం చాలా తక్కువ కాబట్టి వేడి బయటకు పోయే వేగమే నీటి వేగాన్ని నిర్ణయిస్తుంది. మొదటి బ్యాచ్‌లో కాసేపు ఏమీ కాకుండా తర్వాత వేడెక్కిన సంగతి కూడా చెప్పారు: చేర్చినది వెంటనే ఖర్చవుతోందో, పేరుకుపోతోందో తెలియకుండా ముందుకు వెళ్లకూడదని. డిస్టిలేషన్ విషయంలో, ప్లాంటులో అది గంటల తరబడి సాగుతుంది కనుక అంత సేపు వేడి మీద ఉంటే ఎపాక్సైడ్ తట్టుకుంటుందో లేదో ముందు డీఎస్‌సీ అనే ఉష్ణ పరీక్షతో చూడాలని అన్నారు. "ఐస్ బాత్!" అన్న పేజీ ఇక్కడ అక్కరకొచ్చింది.

తర్వాతి ప్రశ్న ఖర్చు గురించి. "సగం డయోల్‌గా పోయింది. దాన్ని ఏం చేస్తారు?" ప్రైమరీ హైడ్రాక్సిల్‌ను యాక్టివేట్ చేసి మళ్లీ మూసేస్తే డయోల్ నుంచి ఎదురు ఎనాన్షియోమర్ ఎపాక్సైడ్ వస్తుంది, దానికి వేరే ఉత్పత్తిలో వాడకం ఉంటే లాభం, లేకపోతే మనకు కావలసిన ఎపాక్సైడ్ మీద ముడిసరుకు భారం రెట్టింపు అని లెక్క వేసుకోవాలి అన్నారు. అది సరైన జవాబే.

లిండ్లార్ మీద అడిగింది మాత్రం మేం సిద్ధం చేయనిది. "ఆ క్యాటలిస్ట్‌లో సీసం ఉంది కదా?" ఉంది. పల్లాడియాన్ని సీసంతో కొంత మందగింపజేయడమే లిండ్లార్ కిటుకు. ఐసీహెచ్ క్యూ3డీ ప్రకారం నోటి ద్వారా తీసుకునే మందులో సీసం రోజుకు 5 మైక్రోగ్రాములు మించకూడదు, పల్లాడియానికి ఆ పరిమితి 100. అంకెలు తెలియవని ఆమె ఒప్పుకున్నారు. కానీ ఈ మెట్టు తర్వాత ఇంకా ఎన్ని మెట్లు ఉన్నాయి, వాటిలో ఏది లోహాన్ని కడిగేస్తుంది, ఎక్కడ శాంపిల్ తీసి కొలవాలి అన్నది ఆలోచించి చెప్పారు. ప్యానెల్‌లో కూర్చునేవాడిగా చెబుతున్నాను, అంకె రాకపోయినా ఈ ఆలోచన చాలు. అంకె మార్గదర్శకంలో ఎప్పుడైనా చూసుకోవచ్చు.

హెచ్‌పీఎల్‌సీ శాతాల మీద కూడా ఒకరు పట్టుకున్నారు: "0.7 అంటున్నారు, రెస్పాన్స్ ఫ్యాక్టర్ చూశారా?" ఒకే మోతాదుకు రెండు పదార్థాలూ డిటెక్టర్‌లో ఒకేలా కనబడతాయా అన్నది ఆ ప్రశ్న. ఆల్కీన్, ఆల్కేన్ రెండింటిలోనూ అతినీలలోహిత కాంతిని పీల్చేది ప్రధానంగా అదే బెంజైల్ సమూహం కాబట్టి స్పందన దగ్గరగా ఉంటుందని, విడిగా తయారుచేసిన ఆల్కేన్‌తో పోల్చి చూశానని చెప్పారు. నోట్‌బుక్‌లో ఆ పోలిక ఉంది.

అన్నిచోట్లా ఇలా సాగలేదు. ఒక కంపెనీ వారు ప్లాంటు బ్యాచ్‌లు చూసినవారే కావాలని మర్యాదగా పంపేశారు. ఆ ప్రకటనలో కూడా 0–3 ఏళ్లు అనే ఉంది, కానీ వారి అసలు అవసరం వచ్చే నెలలో మొదలయ్యే వాలిడేషన్ బ్యాచ్‌ల దగ్గర నిలబడే మనిషి. ఆ ఖాళీని ఏ వాక్యమూ పూడ్చదు. అలాంటి ప్రకటనను గుర్తుపట్టే వీలు కొంత ఉంది: బాధ్యతల వరుసలో ప్లాంటు, వాలిడేషన్, షిఫ్ట్ అన్న మాటలు పైన ఉండి, రూట్ రూపకల్పన కింద ఉంటే అది పేరుకు ఆర్ అండ్ డీ అయినా పనికి ప్రొడక్షన్ సపోర్ట్.

ఆమె చేరింది ఇతర కంపెనీల కోసం ప్రాసెస్ అభివృద్ధి చేసే ఒక కాంట్రాక్ట్ సంస్థలో. చేరేలోగా మెడిసినల్ కెమిస్ట్రీ ఉద్యోగానికి మరో ప్రకటన కూడా వచ్చింది, దానికి రెజ్యూమెను మళ్లీ తిప్పాం. అక్కడ అడిగేది కొత్త అణువులను తక్కువ పరిమాణంలో, వేగంగా తయారుచేసి పరీక్షకు అందించడం. ఆ కాగితంలో 21 మెట్ల సంశ్లేషణ పైకి వచ్చింది, మాక్రోలైడ్ అనలాగ్‌లు ఎన్ని చేశారన్నది ముందుకొచ్చింది, 14 మిల్లీగ్రాములు సిగ్గుపడే అంకె కాకుండా పోయింది. ఎపాక్సైడ్ బ్యాచ్‌లు ఒక్క వాక్యానికి కుదించుకుపోయాయి. డీఓఈని తీసేయమన్నాను. ఉండనివ్వమని ఆమె పట్టుబట్టారు, చివరి వరుసలో ఉంచాం.